ప్రిన్సిపాల్ మేడమ్‌కి ఐదున్నర నిమిషాల వీడియో: స్క్రిప్ట్ ఎలా రాశామంటే

రిటైర్మెంట్ వీడియో అంటే మనలో చాలామందికి వెంటనే గుర్తొచ్చేది ఒకటే. వెనకాల ఫ్లూటు, ముందు మెల్లగా జూమ్ అయ్యే పాత ఫోటోలు, వాటి మీద బంగారు రంగు అక్షరాల్లో "మీ సేవలు మరువలేనివి". ఎడిటింగ్ వచ్చినవాడు ఒక రాత్రిలో చేసేస్తాడు. ఆ వీడియోలో ఫోటోలు మార్చి ఇంకో స్కూల్లో ఇంకో ప్రిన్సిపాల్‌కి వేసినా ఎవరూ కనిపెట్టలేరు. అసలు ఇబ్బంది అదే.

నేను పదో తరగతి దాకా చదివిన స్కూలు కోనసీమ వైపు ఉంటుంది. అక్కడి ప్రిన్సిపాల్ మేడమ్ ఈ ఏడాది రిటైర్ అయ్యారు. స్టాఫ్ అంతా కలిసి వీడియో పని నాకూ, నా ఇద్దరు క్లాస్‌మేట్స్‌కీ అప్పజెప్పారు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో "మేడమ్ గురించి ఒక జ్ఞాపకం పంపండి" అని వాళ్లే ముందుగా మెసేజ్ పెట్టారు. ఇరవై మూడు జ్ఞాపకాలు వచ్చాయి. వాటిని స్క్రిప్ట్‌గా మార్చడానికి మాకు పన్నెండు రోజులు పట్టింది. ఎడిటింగ్‌కి రెండు రోజులే. ఈ వ్యాసం ఆ పన్నెండు రోజుల పని గురించి. సాఫ్ట్‌వేర్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు.

వచ్చినవి జ్ఞాపకాలు కావు

ఇరవై మూడూ ఒక షీట్‌లో పెట్టి చదివితే పద్దెనిమిదింట్లో ఒకే సరుకు కనిపించింది. "క్రమశిక్షణకు మారుపేరు", "పైకి కఠినం, లోపల వెన్న", "మాకు అమ్మలాంటివారు", "సమయపాలనలో ఆదర్శం". ఒక్కటీ అబద్ధం కాదు. కానీ వీటిలో ఏదీ తెర మీద చూపించడానికి కుదరదు. "క్రమశిక్షణ" అనే మాట వినిపిస్తుంటే అక్కడ ఏ బొమ్మ వేస్తారు?

దీనికి మేం ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. వాక్యంలో మేడమ్ పేరు తీసేసి పక్క స్కూల్ ప్రిన్సిపాల్ పేరు పెట్టి చదవాలి. అప్పుడూ సరిపోతే అది అభిప్రాయం. సరిపోకపోతేనే జ్ఞాపకం. ఈ పరీక్షలో నిలబడినవి ఐదు.

మిగతా పద్దెనిమిది మందీ ఏదో మొక్కుబడిగా రాశారని అనుకోకూడదు. "మేడమ్ గురించి చెప్పండి" అని అడిగితే ఎవరైనా సన్మాన పత్రమే చెప్తారు. మన దగ్గర పదవీ విరమణ సభ అంటే శాలువా, పూలదండ, ఫ్రేము కట్టించిన అభినందన పత్రం కదా. ఆ పత్రాల్లో ఉండే పెద్ద పెద్ద సమాసాలే మనందరి చెవుల్లో ఉన్నాయి. పెద్దవాళ్ల గురించి అడగ్గానే నోటికి అవే వస్తాయి. అందుకని అడిగే తీరే మార్చాలి.

మేం మళ్లీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగాం. మేడమ్ మిమ్మల్ని ఆఖరిసారి కోప్పడింది ఎప్పుడు, ఎందుకు? మేడమ్ రోజూ చేసే పనుల్లో, ఇంకెవరూ చేయగా మీరు చూడనిది ఏంటి? మేడమ్ మాట్లాడినట్టు ఒకసారి మాట్లాడి చూపిస్తారా? మూడో ప్రశ్నకి అందరూ నవ్వేస్తారు. నవ్వాక వాళ్ల నోటి నుంచి వచ్చే మాట మాత్రం పుస్తకాల మాట కాదు, మేడమ్ మాటే.

లెక్కల సార్ సంగతి చూడండి. ఆయన మొదట పంపింది: "పంక్చువాలిటీ విషయంలో మేడమ్ మాకు స్ఫూర్తి." ఫోన్లో కోపం గురించి అడిగితే, "నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదయ్యా" అన్నారు. మరి పంక్చువాలిటీ ఎలా నేర్పారు సార్ అంటే కాసేపు ఆగి ఇలా చెప్పారు:

"చేరిన మొదటి వారం. బస్సు తప్పిపోయింది. పది నిమిషాలు లేటు. పరిగెత్తుకుంటూ ఎనిమిదో తరగతికి వెళ్లేసరికి, బోర్డు మీద మేడమ్ లెక్క వేస్తున్నారు. ఆవిడది సోషల్. లెక్క సగం వేసి, 'మిగతాది సార్ చేస్తారు' అని పిల్లలకి చెప్పి, చాక్‌పీస్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఏదైనా అనుంటే బాగుండేది. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు లేటయ్యాను. నాలుగుసార్లూ చాక్‌పీసే."

ఇది తెర మీదకి వస్తుంది. బోర్డుంది, సగం లెక్కుంది, చాక్‌పీసుంది. "పంక్చువాలిటీ" అనే మాట ఎక్కడా రాలేదు, కానీ వినే ప్రతి ఒక్కరికీ అదే అర్థమవుతుంది. చివరి రెండు ముక్కలకి హాల్లో నవ్వు కూడా వస్తుంది.

ఇంకో సంగతి. "కొలీగ్స్" అంటే టీచర్లే అనుకుని లిస్టు వేసుకోకండి. గ్రూపులో లేనివాళ్ల దగ్గరే మాకు మంచి సరుకు దొరికింది. ఆయమ్మకి స్మార్ట్‌ఫోన్ లేదు. స్కూల్‌కి వెళ్లి ఆమె పక్కన కూర్చుని రికార్డ్ చేశాం.

"మేడంగారు వచ్చీ రాగానే, బ్యాగన్నా దింపకుండా, ఆడపిల్లల బాత్రూముల దగ్గరికెళ్తారండి. పంపు తిప్పి చూస్తారండి. నీళ్లొస్తేనే ఆఫీసు రూముకెళ్తారండి. రాకపోతే మోటారు వేసిందాకా అక్కణ్ణించి కదలరండి."

ఈ సంగతి స్టాఫ్‌రూమ్‌లో ఒక్కరికీ తెలీదు. వాళ్లంతా వచ్చేసరికి మేడమ్ ఎప్పుడూ ఆఫీస్ రూమ్‌లోనే ఉంటారు మరి.

వరస ఎలా పెట్టాలి

సరుకు వచ్చాక ఎవరిది ముందు అనే గొడవ మొదలవుతుంది. మామూలుగా రెండు దారులు ఉంటాయి. ఒకటి హోదా ప్రకారం: కరస్పాండెంట్ గారు, వైస్ ప్రిన్సిపాల్, సీనియర్ టీచర్లు, చివర్లో డ్రైవరూ ఆయమ్మా. ఇలా పెడితే వీడియో కాస్తా సభ అయిపోతుంది, పైగా ఎవరో ఒకరు అలుగుతారు. రెండోది సంవత్సరాల ప్రకారం: చేరిన రోజు, ప్రమోషన్, కొత్త బిల్డింగ్, ఈ రోజు. ఇది కొంచెం నయం. కానీ ఇలా పెట్టాలంటే ప్రతి జ్ఞాపకానికీ ఏడాది తెలియాలి, అది ఎవరికీ గుర్తుండదు. బస్సు డ్రైవర్ చెప్పిన వాన సంగతినే సైన్స్ టీచర్ కూడా చెప్పారు. ఇద్దరికీ మధ్య మూడేళ్ల తేడా వచ్చింది.

మేం ఒక రోజు వరసలో పెట్టాం. పొద్దున స్కూల్ తెరవడం దగ్గర మొదలై సాయంత్రం ఆఖరి బస్సు దగ్గర ముగుస్తుంది. జ్ఞాపకాలు వేర్వేరు ఏళ్లవే, కానీ అన్నీ కలిసి ఒక్క రోజులా కనిపిస్తాయి. ముందు పంపు. తర్వాత మొదటి పీరియడ్‌లో చాక్‌పీస్. ఇంటర్వెల్‌లో తెలుగు మాస్టారి నోటీసు బోర్డు సంగతి (మేడమ్ ప్రతి నోటీసూ ఆయనకి చూపించి "ఒత్తులన్నీ ఉన్నాయా మాస్టారూ?" అని అడిగాకే అంటిస్తారు). మధ్యాహ్నం ఆఫీసు. సాయంత్రం బస్సు. ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్నది గడియారం తేల్చేసింది కాబట్టి అలిగేవాళ్లు లేరు. ఏడాది ఎక్కడా చెప్పక్కర్లేదు కాబట్టి తప్పు దొర్లే అవకాశమూ లేదు.

చివరికి వీడియోలోకి వచ్చింది ఏడుగురు. మిగతా వాళ్ల జ్ఞాపకాలని వాళ్ల చేతే, వాళ్ల చేతిరాతతోనే ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాయించాం. దాన్ని జ్ఞాపికతో పాటు మేడమ్‌కి ఇస్తామని అందరికీ ముందే చెప్పాం. ఈ ఒక్క మాట వల్ల "నాది ఎందుకు తీసేశారు" అని ఫోన్లు రాలేదు.

మాటలకి కొలత

సభలో మాకు ఇచ్చింది ఐదున్నర నిమిషాలు. అంటే 330 సెకన్లు. ఇక్కడ చిన్న లెక్క వేసుకోవాలి. ఫోన్‌లో టైమర్ పెట్టి నా మామూలు వేగంతో చదివితే నిమిషానికి దాదాపు 95 తెలుగు మాటలు వచ్చాయి. ఇంగ్లీష్ స్క్రిప్టుల కొలతలు ఇక్కడ పనికిరావు. ఇంగ్లీషులో నాలుగైదు మాటలయ్యేది మనకి "వెళ్లలేకపోయినందుకు" అని ఒక్క మాటే అవుతుంది కదా. మీ వేగం మీరే చూసుకోండి.

330లో కనీసం 60 సెకన్లు ఏ మాటా లేకుండా వదిలేయాలి. నవ్వు రావడానికి, ఫోటో చూడటానికి, గొంతు సర్దుకోడానికి ఆ టైమ్ కావాలి. మిగిలింది 270. ఏడుగురి గొంతులు, ఒక్కొక్కరికీ 25 సెకన్లు అనుకుంటే 175. ఇక వ్యాఖ్యానానికి మిగిలింది 95 సెకన్లు, అంటే సుమారు 150 మాటలు. మొత్తం వీడియోలో మనం సొంతంగా రాయాల్సింది అంతే! చాలామంది స్క్రిప్ట్ అనగానే రెండు పేజీల వ్యాఖ్యానం రాసుకొచ్చి, దాని మధ్యలో జ్ఞాపకాలు ఇరికిస్తారు. జ్ఞాపకాలకి మధ్య వంతెన కట్టడమే వ్యాఖ్యానం పని. లెక్కల సార్ చాక్‌పీస్ సంగతి చెప్పాక "ఇలా మేడమ్ సమయపాలన నేర్పారు" అని మళ్లీ చెప్తే ఆ ముక్క చచ్చిపోతుంది.

25 సెకన్లకి కుదించేటప్పుడు ఒకటి గమనించాం. ఎవరైనా మొదటి పది సెకన్లు "అందరికీ నమస్కారం, నేను ఫలానా సంవత్సరం నుంచి" అని ఉపోద్ఘాతం చెప్తారు. చివరి పది సెకన్లు "అలాంటి మేడమ్ ఆయురారోగ్యాలతో" అని దీవిస్తారు. రెండూ తీసేయొచ్చు. అసలు సంగతి మధ్యలోనే ఉంటుంది. పేరూ, సబ్జెక్టూ తెర కింద అక్షరాల్లో వేస్తే చాలు.

ఒక్కొక్కరి వాయిస్ నోట్ ఒక్కో శబ్దంలో ఉంటుంది కాబట్టి ముందే అన్నింటినీ ఒక స్థాయికి తెచ్చుకుంటే, ఎడిటింగ్ టైమ్‌లో ప్రాణం హాయిగా ఉంటుంది. వాట్సాప్ నుంచి దించిన ఫైలుకి మేం వాడిన కమాండ్ ఇది:

```
ffmpeg -i ayamma.opus -af loudnorm=I=-16:TP=-1.5:LRA=11 -ar 48000 ayamma.wav
```

సంతాప సభ కాకుండా చూసుకోవడం

నాకు అన్నింటికంటే ఆసక్తిగా అనిపించిన భాగం ఇదే. మా మొదటి వ్యాఖ్యానంలో నా ఫ్రెండ్ రాసిన వాక్యం: "మేడమ్ ఉదయాన్నే నవ్వుతూ వచ్చేవారు. ప్రతి విద్యార్థినీ పేరు పెట్టి పలకరించేవారు. ఆమె లేని లోటు తీర్చలేనిది." గట్టిగా చదివితే ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మేడమ్ లక్షణంగా ఉన్నారు, ఆ వారంలోనే మాకు ఇంట్లో పెసరట్టు పెట్టారు.

తెలుగులో "వచ్చేవారు", "అనేవారు", "పలకరించేవారు" అనే రూపానికి ఒక బరువుంది. ఎప్పుడూ జరుగుతూ, ఇప్పుడు ఆగిపోయిన పనికి దాన్ని వాడతాం. మనిషి గురించి వరసగా నాలుగుసార్లు వాడితే ఆ మనిషి లేరేమో అనిపిస్తుంది. దానికి తోడు "తీరని లోటు", "చిరస్మరణీయులు", "జ్ఞాపకాలు మిగిల్చి" లాంటివి చేరితే ఇక ఫోటోకి దండ వేయడమొక్కటే తక్కువ. నలుపు తెలుపు ఫిల్టరూ, వెలుగుతున్న దీపం బొమ్మా అలాంటివే. వాటినీ తీసేశాం.

ఇందులోంచి బయటపడే దారి సులువే. ఒకసారి జరిగిన సంగతిని జరిగినట్టే చెప్పాలి: "అన్నారు", "ఇచ్చారు", "వెళ్లిపోయారు". ఇప్పటికీ చేసే పనిని ఇప్పటి కాలంలో చెప్పాలి: "పలకరిస్తారు", "అడుగుతారు". ఆయమ్మ మాటలు మళ్లీ చూడండి. ఆమె తనంతట తానే "వెళ్తారండి", "చూస్తారండి" అంది. ఆ పొద్దున కూడా మేడమ్ పంపు తిప్పి చూశారు కాబట్టి. స్టాఫ్ గొంతుల్లో అక్కడక్కడ "అనేవారు" వచ్చినా ఫర్వాలేదు, అది వాళ్ల మాట. వ్యాఖ్యానంలో మాత్రం ఒక్కటీ ఉంచలేదు.

గౌరవ వాచకాలు కూడా ఇలాగే. ఆయమ్మ "మేడంగారు" అంటుంది. డ్రైవర్ అన్న "పెద్ద మేడం" అంటాడు. వైస్ ప్రిన్సిపాల్ సార్ "ఆవిడ" అంటారు. వీటన్నింటినీ సరిచేసి "ప్రధానాచార్యులు" అని రాస్తే వినే పిల్లలకి అది ఎవరో అర్థం కాదు. ఆ మాట స్కూల్ బోర్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఎవరి పిలుపు వాళ్లకి వదిలేసి, వ్యాఖ్యానంలో "మేడమ్" అని పెట్టి, క్రియల్ని "అన్నారు, చూశారు" అని ఉంచాం.

వాక్యం చివర, బొమ్మ చివర

మనలో చాలామందికి స్క్రిప్ట్ ముందు ఇంగ్లీషులో తడుతుంది, తర్వాత తెలుగులోకి మారుస్తాం. అలా చేస్తే బొమ్మల టైమింగ్ తప్పుతుంది. ఇంగ్లీష్ వాక్యంలో ఎవరు, ఏం చేశారన్నది ముందే వచ్చేస్తుంది. మన వాక్యంలో క్రియ చివర్న ఉంటుంది, అసలు కబురు అక్కడే తెలుస్తుంది. "పరిగెత్తుకుంటూ ఎనిమిదో తరగతికి వెళ్లేసరికి, బోర్డు మీద మేడమ్ లెక్క వేస్తున్నారు." ఇందులో "వెళ్లేసరికి" దాకా వినేవాళ్లకి ఏమీ తెలీదు. సగం లెక్క ఉన్న బోర్డు బొమ్మని వాక్యం మొదట్లోనే వేస్తే సార్ కంటే ముందే మనం కథ చెప్పేసినట్టు. అందుకే స్క్రిప్ట్‌లో బొమ్మ ఏ మాట దగ్గర మారాలో ఆ మాట పక్కన గీత పెట్టుకున్నాం. మా స్క్రిప్ట్ మొదటి నిమిషం ఇలా ఉంటుంది. నిలువు గీత ఉన్నచోట బొమ్మ మారుతుంది.

0:00 తెర: తాళం వేసి ఉన్న స్కూల్ గేటు, తెల్లవారుజాము. శబ్దం: పక్షులు, దూరంగా స్కూటర్. మాటలు లేవు.

0:08 వ్యాఖ్యానం: "బడి గంట కొట్టేది తొమ్మిదింటికి. మేడమ్ రోజు మాత్రం | ఇక్కడ మొదలవుతుంది." తెర: గీత దగ్గర బాత్రూముల బయట ఉన్న పంపు.

0:16 ఆయమ్మ గొంతు: "వచ్చీ రాగానే, బ్యాగన్నా దింపకుండా…" తెర: ఆయమ్మ మొహం. "పంపు తిప్పి | చూస్తారండి" దగ్గర పంపులోంచి బకెట్‌లో పడే నీళ్లు.

0:38 ఐదు సెకన్లు నీళ్ల చప్పుడు మాత్రమే.

0:43 శబ్దం: గంట. వ్యాఖ్యానం: "మొదటి పీరియడ్. ఎనిమిదో తరగతి. సార్ ఇంకా రాలేదు."

0:49 లెక్కల సార్ గొంతు: "చేరిన మొదటి వారం…" తెర: ఖాళీ కారిడార్. "వెళ్లేసరికి, | బోర్డు మీద" దగ్గర బోర్డు.

పాత ఫోటో ఒక్కటీ లేదు చూశారా? మేడమ్ మొహం మొదటిసారి కనిపించేది మూడో నిమిషంలోనే. అప్పటిదాకా ఆవిడ తాకిన వస్తువులే ఉంటాయి. పంపు, బోర్డు, నోటీసు బోర్డు అన్నీ స్కూల్లోనే ఉన్నాయి కాబట్టి షూటింగ్ ఒక ఆదివారం సరిపోయింది.

వాడకూడని మంచి జ్ఞాపకం

క్లర్క్ గారు చెప్పింది అన్నింట్లోకీ బలమైనది. ఒకమ్మాయి ఫీజు కట్టలేక పదో తరగతి మధ్యలో మానేయబోతే, ఆ ఏడాది మొత్తం మేడమ్ కట్టారు. ఆ అమ్మాయికి కూడా అది చాలాకాలం తెలీదు. విన్న ప్రతి ఒక్కరూ "ఇది చివర్లో పెట్టండి, హాలంతా ఏడుస్తుంది" అన్నారు.

నిజమే, ఏడుస్తుంది. ఆ అమ్మాయి కూడా ఆ హాల్లో కూర్చుని ఉంటుంది, పక్కన వాళ్ల అమ్మానాన్నలు ఉంటారు. చిన్న ఊరు. పేరు తీసేసినా, ఏ బ్యాచ్, ఎందుకు మానేయబోయింది అన్నవి ఉంటే చాలు, పది మంది వెనక్కి తిరిగి చూస్తారు. మేడమ్ ఇన్నేళ్లు దాచింది అందుకే. ఆవిడని పొగడటానికి ఆవిడ దాచినదాన్నే బయటపెట్టడం ఏం పద్ధతి?

వదిలేయడానికీ మనసొప్పలేదు. మళ్లీ క్లర్క్ గారి దగ్గర కూర్చున్నాం. ఎవరూ గుర్తుపట్టకుండా ఏం చెప్పొచ్చు సార్ అని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి ఇలా అన్నారు:

"రసీదు పుస్తకంలో 'కట్టినవారు' అని ఒక గడి ఉంటుంది. కొన్ని రసీదుల మీద ఆ గడిలో గీత మాత్రమే ఉంటుంది. ఇంతవరకే నేను చెప్పగలను."

ఇదే వాడాం. పదిహేను సెకన్లు కూడా లేదు. తెర మీద అసలు రసీదు కాదు, కొత్త పుస్తకంలోని ఖాళీ రసీదు. తెలిసినవాళ్లకి తెలుస్తుంది. తెలియనివాళ్లకి "కొన్ని" అన్న మాట చాలు. అయినా ముందురోజు క్లర్క్ గారే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఆ ముక్క వినిపించి, ఉంచమంటావా తీసెయ్యమంటావా అని అడిగారు. ఉంచమంది. వద్దంటే తీసేయడానికి వీలుగా ఆ ముక్క లేని రెండో కాపీ కూడా సిద్ధంగా పెట్టుకున్నాం.

దీనికి సరిగ్గా తిరగేసిన కేసు వైస్ ప్రిన్సిపాల్ సార్‌ది. ఆయనకీ మేడమ్‌కీ టైమ్‌టేబుల్ దగ్గర ఏళ్ల తరబడి గొడవ, స్కూల్లో అందరికీ తెలుసు. ఆయన గ్రూపులో ఏమీ పంపలేదు. అడిగితే రెండు వాక్యాలు చెప్పారు: "మా ఇద్దరికీ పడేది కాదు. కానీ నేను సెలవు పెట్టిన ప్రతిసారీ నా క్లాసు ఆవిడే తీసుకున్నారు." మొదటి వాక్యం సభలో బాగుండదేమో సార్ అని మెల్లగా అన్నాం. "అది తీసేస్తే రెండోది ఎవరు నమ్ముతారు?" అన్నారు. రెండూ ఉన్నాయి. దాచాల్సింది ఏది, చెప్పాల్సింది ఏది అనేది చెప్పే మనిషిదీ, ఆ సంగతి ఎవరిదో వాళ్లదీ. స్క్రిప్ట్ రాసేవాడిది కాదు.

సభకి ముందు చూసుకోవాల్సినవి

స్క్రిప్ట్ అయ్యాక మేడమ్ అంటే ఎవరో తెలియని మనిషికి చదివి వినిపించండి. మేం హాస్టల్లో మా రూమ్‌మేట్‌కి వినిపించాం. అతను ఎక్కడెక్కడ "ఎవరు?" అని అడిగాడో అక్కడ తెర మీద ఒక పేరు పెట్టాం. ఎక్కడ ఫోన్ చూసుకున్నాడో అక్కడ కోశాం. అలా పోయింది నలభై సెకన్లు, అందులో ముప్పై నేను రాసిన వ్యాఖ్యానమే.

హాల్లో ఫ్యాన్లు, పిల్లలు, ప్రతిధ్వని ఉంటాయి. ఆయమ్మ గొంతు మెత్తన. అందుకే మాటలన్నీ తెర మీద అక్షరాల్లో కూడా వేశాం, ఒకసారికి రెండు లైన్లు మించకుండా. ఆమె "అక్కణ్ణించి" అంటే "అక్కడి నుంచి" అని దిద్దకుండా, ఆమె అన్నట్టే వేశాం. ముందు వరసలో శాలువాలు పట్టుకుని నిలబడే పెద్దల తలలు కింది భాగాన్ని దాచేస్తాయి. అందుకని అక్షరాలు తెర అంచుకి అంటకుండా కొంచెం పైకి ఉండాలి.

చివరి షాట్ దగ్గర మా ముగ్గురికీ పడలేదు. ఒకడు "థ్యాంక్యూ మేడమ్" కార్డు కావాలన్నాడు, ఇంకొకడు గ్రూప్ ఫోటో అన్నాడు. ఆయమ్మ రికార్డింగ్‌లో, మేం లేచాక ఇంకా ఆన్‌లోనే ఉన్న ఫోన్‌లో పడిన ఒక ముక్క ఉంది. మేడమ్ వెళ్లాక ఎవరు చూస్తారు ఆయమ్మా అని మా వాడు ఊరికే అడిగాడు. "రేపట్నించి నే తిప్పి చూస్తానండి" అంది. ఆమెకి మళ్లీ వినిపించి, వాడుకోవచ్చా అని అడిగి, అదే పెట్టాం. బస్సు వెళ్లిపోయాక ఖాళీ గ్రౌండు, ఆ మాట, పంపు మూసిన చప్పుడు. ఆ తర్వాత ఫైలు చివర ఇరవై సెకన్ల ఖాళీ నలుపు కలిపాం. వీడియో ఆగగానే ప్రొజెక్టర్ దగ్గరున్నతని డెస్క్‌టాప్ మీది సినిమా పోస్టర్ హాలంతా కనిపించకుండా.